ముప్పై సెకన్లలో యాడ్ పట్టాలంటే: ఎక్కడ కత్తిరించాలి, ఎక్కడ వేగం పెంచాలి

పోయిన దసరా ముందు పాలమూరు నుంచి ఒక చీరల దుకాణం వాళ్ల యాడ్ నా దగ్గరికి వచ్చింది. చదివింది దుకాణదారు వదినే, బడిలో తెలుగు చెప్పే టీచరమ్మ. గొంతు చాలా బాగుంది, ఎక్కడా తడబడలేదు. ఫైల్ తెరిస్తే 34.1 సెకన్లు ఉంది. వాళ్లు రేడియోలో కొన్నది 30 సెకన్ల స్పాట్. "అన్నా, మళ్లీ రికార్డు చేయాలంటే వదిన బతుకమ్మ పనుల్లో ఉంది, నువ్వే ఏదో ఒకటి చేసి ముప్పైకి పట్టియ్యి" అన్నాడు దుకాణం పిల్లగాడు ఫోన్లో.

ఇట్లాంటప్పుడు చేతిలో మూడు దారులు ఉంటాయి. మాటల మధ్య ఖాళీలు కత్తిరించొచ్చు, మొత్తం గొంతు వేగం కొంచెం పెంచొచ్చు (దీన్నే టైమ్ స్ట్రెచ్ అంటాం, నిజానికి ఇక్కడ సాగదీయడం కాదు, కుదించడం), లేకపోతే రాసిన మాటల్లోనే కొన్ని తీసేయొచ్చు. నల్గొండలో చిన్న గది పెట్టుకుని ఈ పని చేస్తున్న నాకు అర్థమైనంతలో, ఈ మూడింట్లో ఏది మంచిది అని అడగడం కంటే ఏది ముందు, ఏది తర్వాత అని అడగాలి. వరుస తప్పితే, మంచి గొంతు కూడా ఎవరో వెనక నుంచి తరుముతుంటే చదివినట్టు వినపడుతుంది.

చాలామంది నేరుగా వేగం దగ్గరికే వెళ్తారు, ఎందుకంటే అది ఒక్క క్లిక్కు. Audacity అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో Change Tempo తెరిచి, పొడవు దగ్గర 34.1 ఉన్నచోట 30 అని కొడితే అయిపోతుంది. కానీ లెక్క చూడండి, 34.1ని 30తో భాగిస్తే 1.137 వస్తుంది, అంటే వేగం దాదాపు 14 శాతం పెరుగుతుంది. గొంతు స్థాయి మారదు, మనిషి మాత్రం మారిపోతుంది. టీచరమ్మ నిదానంగా "రండమ్మా" అని పిలిచిన పిలుపులో ఉన్న ఆప్యాయత అంతా ఆవిరైపోతుంది, అచ్చం షరతులు వర్తిస్తాయి అని చివర్లో గబగబా చదివే గొంతులాగా అయిపోతుంది.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే చెప్పేస్తాను. Change Tempo పక్కనే Change Speed and Pitch అని ఇంకొకటి ఉంటుంది. అది పాత క్యాసెట్‌ను వేగంగా తిప్పినట్టు, వేగంతో పాటు గొంతును కూడా పైకి లేపుతుంది. 4 శాతం పెంచితేనే స్వరం చెవికి తెలిసేంత పైకి పోతుంది, ఆ గొంతు తెలిసినవాళ్లు "ఇది మా వదిన గొంతు కాదు" అంటారు. మాటల యాడ్‌కు దాన్ని ముట్టుకోకండి.

ముందు ఖాళీలు

మనిషి చదివిన ఏ రికార్డింగ్‌లోనైనా మాట కాని సమయం చాలానే ఉంటుంది. టీచరమ్మ ఫైల్‌లో మొదట మైకు ఆన్ అయ్యాక గొంతు సవరించుకున్నది 0.6 సెకన్లు, చివర ఆఫ్ చేసేదాకా 0.9 సెకన్లు. ఆ రెండూ తీసేస్తే 34.1 కాస్తా 32.6 అయింది, ఎవరికీ నష్టం లేదు. చివర కోసేటప్పుడు మాత్రం ఆఖరి అచ్చు గదిలో మోగి చల్లారేదాకా ఆగాలి. "రండమ్మా" అన్న మాటలో ఆ "మా" తోక తెగితే, తలుపు మధ్యలో వేసేసినట్టు ఉంటుంది.

తర్వాత మాటల మధ్య విరామాలు. ఆమె 9 చోట్ల ఆగింది, అన్నీ కలిపితే 5.4 సెకన్లు. అందులో 5 చిన్న విరామాలు, కామా దగ్గర ఆగినవి, ఒక్కోటి అర సెకను లోపు. మూడు వాక్యం ముగిసిన చోట్లు, ఒక్కోటి 0.8 దాకా. ఒకటి ఫోన్ నంబరుకు ముందు, 0.7. చిన్నవాటిని 0.3కు తెచ్చాను, వాక్యం చివరివాటిని అర సెకను కంటే కాస్త ఎక్కువ ఉంచాను, నంబరు ముందున్న దాన్ని అస్సలు ముట్టుకోలేదు, ఎందుకంటే వినేవాళ్లు పెన్ను కోసమో ఫోన్ కోసమో చెయ్యి చాచేది ఆ క్షణంలోనే. మొత్తం 1.5 సెకన్లు మిగిలాయి, ఫైల్ 31.1కి వచ్చింది.

విరామాలన్నీ ఒకే కొలతకు తేవొద్దు. అన్నీ 0.3 చేస్తే ఇంకో సెకను మిగులుతుంది గానీ, కామాకూ వాక్యం ముగింపుకూ తేడా పోతుంది, అప్పుడు వినేవాళ్లకు ఏది ఎక్కడ అయిపోయిందో తెలియదు. చిన్నది చిన్నగా, పెద్దది పెద్దగానే ఉండాలి, రెండూ తగ్గాలి అంతే.

ఊపిరి సంగతి కూడా అంతే. ఊపిరి తీసుకున్న శబ్దం ఉంటే మొత్తం తీసేయండి లేదా మొత్తం ఉంచండి. సగం కోస్తే ఎక్కిళ్లు వచ్చినట్టు వినపడుతుంది. ఎక్కడైతే కోశారో అక్కడ టక్‌మని చిన్న శబ్దం వస్తే, కోత అల మధ్యలో పడిందని అర్థం. కోసేముందు Audacity లో Z నొక్కితే సెలెక్షన్ అంచులు అల సున్నా దాటే చోటికి జరుగుతాయి, ఆ టక్కు చాలావరకు పోతుంది. ఫ్యాన్ తిరిగే గదిలో రికార్డు చేసి ఉంటే విరామం మీద పూర్తి నిశ్శబ్దం అతికించకండి, ఫ్యాన్ హోరు ఆగి మళ్లీ మొదలైనట్టు తెలిసిపోతుంది. విరామాన్ని మధ్యలోంచి కోసి, రెండు అంచుల్లో ఉన్న అదే హోరును కలపండి.

తెలుగుకు ఆటోమేటిక్ కత్తెర ఎందుకు ప్రమాదం

చేత్తో కోసే ఓపిక లేక, ఖాళీల్ని దానంతటదే వెతికి కుదించే Truncate Silence వాడేవాళ్లు ఉన్నారు, పెద్ద ఇంటర్వ్యూలకైతే నేనూ వాడతాను. 30 సెకన్ల యాడ్‌కు మాత్రం వాడను, దానికి కారణం మన భాషలోనే ఉంది.

"పట్టు" అని నిదానంగా చెప్పి, ఆ అలను పెద్దది చేసి చూడండి. "ప" తర్వాత నాలుక పైకి అంటుకుని గాలి పూర్తిగా ఆగిపోతుంది, తర్వాత "టు" పేలుతుంది. ఆ మధ్యలో తెర మీద కనిపించేది దాదాపు గీత, అంటే నిశ్శబ్దం. ఒక్క "ట" కంటే "ట్ట"లో ఈ ఆగడం చాలా ఎక్కువసేపు ఉంటుంది, నిదానంగా చదివేవాళ్ల దగ్గర 0.2 సెకన్ల దాకా కూడా పోతుంది. మనకు అది ఒత్తు, కంప్యూటర్‌కు అది ఖాళీ. Truncate Silence లో Duration, Truncate to రెండింటి దగ్గరా 0.1 అని పెట్టి, ఇంకా కొంచెం మిగుల్చుకుందాం అనుకుంటే "గద్వాల పట్టు" కాస్తా "గద్వాల పటు" అవుతుంది. "పక్కన" "పకన" అవుతుంది, "ఒక్క చోట" "ఒక చోట" అవుతుంది. ఈ చివరిది ఇంకా ప్రమాదం, ఎందుకంటే "ఒక చోట" కూడా మాటే కాబట్టి తప్పు జరిగినట్టు తెలియదు, కానీ దుకాణం వాళ్లు చెప్పాలనుకున్న గట్టిదనం పోతుంది. "తగ్గింపు"లో "గ్గ"కు ఇంత భయం లేదు, అక్కడ గాలి ఆగినా గొంతులో గుర్రుమనే శబ్దం నడుస్తూనే ఉంటుంది. చూసుకోవాల్సింది క్క, చ్చ, ట్ట, త్త, ప్ప ఉన్న మాటలు.

రెండో కారణం Threshold. అది మొదట -20 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, అంటే అంతకంటే మెల్లగా ఉన్నదంతా నిశ్శబ్దం కింద లెక్క. మన వాక్యం క్రియతో ముగుస్తుంది, ముగింపులో గొంతు కిందికి దిగుతుంది. "సంప్రదించండి" అన్నదాంట్లో "సంప్ర" గట్టిగా ఉంటుంది, "చండి"కి వచ్చేసరికి గాలే మిగులుతుంది. ఆ మెల్లటి చివరకు విరామం కూడా తోడైతే, కత్తెర రెండింటినీ కలిపే ఖాళీ అనుకుంటుంది, తోక తెగుతుంది. వాడక తప్పకపోతే Threshold ను -40 దాకా దించి, Duration ను 0.35కు తక్కువ పెట్టకుండా వాడండి. తర్వాత ఒత్తున్న ప్రతి మాటనూ, ప్రతి వాక్యం చివరనూ ఒకసారి వినండి. ఆ వినే సమయంలో చేత్తోనే కోసేయొచ్చు కదా అని నా ఉద్దేశం.

ఇంకా మిగిలింది ఎంత, దాన్ని బట్టి నిర్ణయం

ఇక్కడ నేను ఒక నిమిషం ఆగి లెక్క వేస్తాను. ఫైల్ 31.1 దగ్గర ఉంది. గమ్యం 30 కాదు, 29.8. చివర 0.2 సెకన్ల ఖాళీ ఉండాలి, లేకపోతే తర్వాతి యాడ్ మన ఆఖరి అక్షరం మీదికి ఎక్కినట్టు ఉంటుంది. అంటే ఇంకా 1.3 సెకన్లు తగ్గాలి, వేగంతోనే తగ్గించాలంటే 4.4 శాతం.

ఖాళీలు కోసిన తర్వాత మిగిలింది 3 శాతం చుట్టుపక్కల ఉంటే నిశ్చింతగా వేగం పెంచుతాను, పక్కన ముందటి ఫైల్ పెట్టి పోలిస్తే తప్ప నా చెవికి తేడా తెలియదు. 5 శాతం దాకా, చదివిన మనిషి నిదానస్తుడైతే ఒప్పుకుంటాను. అది దాటితే మాటలు తీయాల్సిందే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే. ముందే గబగబా చదివే యువకుల గొంతుకు 3 శాతం కూడా ఎక్కువే అవుతుంది, వాళ్ల దగ్గర మాటలు తీయడమే మేలు. ఒకటి గుర్తుపెట్టుకోండి, వేగం 10 శాతం పెంచితే పొడవు 10 శాతం తగ్గదు, 9.1 శాతమే తగ్గుతుంది. అందుకే శాతాలతో కుస్తీ పట్టకుండా, ఉన్న పొడవును కావాల్సిన పొడవుతో భాగించండి, వచ్చిన అంకెనే వాడండి.

4.4 టీచరమ్మ గొంతుకు సరిపోయేదే, కానీ స్క్రిప్ట్ మళ్లీ చదివితే చివర్లో "రండి, రండి, రండమ్మా" అని ఉంది. ఒక "రండి" తీసేస్తే అర సెకను పోయింది, పిలుపు పిలుపుగానే ఉంది. ఇట్లాంటి రెండోసారి వచ్చే మాట, "మరియు", "అదేవిధంగా", ఒకే అర్థం ఇచ్చే రెండు విశేషణాలు, వీటిని మళ్లీ రికార్డు చేయకుండానే తీసేయొచ్చు, విరామం ఉన్న చోట తెగితే అతుకు తెలియదు. వాక్యం మధ్యలో మాట తీస్తే మాత్రం స్వరం ఒక మెట్టు మీది నుంచి ఇంకో మెట్టు మీదికి దూకినట్టు ఉంటుంది, అప్పుడు ఆ వాక్యం మొత్తం మళ్లీ చదివించాలి.

ఫోన్ నంబరు గురించి ఇక్కడే ఒక మాట. తెలుగులో "తొమ్మిది", "ఎనిమిది" మూడు నాలుగు అక్షరాల మాటలు, "నైన్", "ఎయిట్" ఒక్కో గుటక. పది అంకెలు తెలుగులో చదివితే ఇంగ్లిష్ కంటే ఒకటిన్నర సెకన్లు సులువుగా ఎక్కువ పడుతుంది. మన దగ్గర నంబరు చెప్పుకునేది ఎట్లాగూ ఇంగ్లిష్ అంకెల్లోనే కాబట్టి, రికార్డు చేయకముందే ఇది తేల్చుకుంటే చాలా గోస తప్పుతుంది. టీచరమ్మ ఇంగ్లిష్‌లోనే చదివింది, 4.4 సెకన్లు.

నంబరును వదిలేసి మిగతాది కుదించడం

"రండి" పోయాక 30.6. మొత్తాన్ని 29.8కి కుదిస్తే 2.7 శాతం. కానీ నేను నంబరు ముక్కను విడిగా తీసి పక్కన పెడతాను. వినేవాళ్లు మిగతాదాంట్లో ఒక మాట జారిపోయినా అర్థం చేసుకుంటారు, నంబరులో ఒక్క అంకె జారితే దుకాణానికి రావాల్సిన ఫోన్ రాదు. అంకెల్లో చిన్న చిన్న హల్లుల మీదే తేడా ఉంటుంది. వేగం పెంచే సాధనం పనిచేసే తీరు ఏంటంటే, గొంతును సెకనులో వందో వంతుల్లో లెక్కపెట్టేంత చిన్న ముక్కలుగా చేసి, మధ్య మధ్యలో కొంత వదిలేసి, అంచులు ఒకదాని మీద ఒకటి కలిపేస్తుంది. దీర్ఘంలో కొంత పోతే చెవికి తెలియదు, ఎందుకంటే అక్కడ అదే అల పదే పదే వస్తుంటుంది. "ట", "చ" పేలే క్షణం మాత్రం ఒక్కసారే వస్తుంది, కోత సరిగ్గా అక్కడ పడితే ఆ హల్లు మొద్దుబారుతుంది.

అందుకే నంబరు 4.4 అట్లాగే ఉంచి, మిగతా 26.2 సెకన్లను 25.4కు తెచ్చాను. 26.2ని 25.4తో భాగిస్తే 1.0315, అంటే 3.15 శాతం. పక్కపక్కనే ఉన్న రెండు ముక్కల్లో ఇంత చిన్న తేడా చెవికి దొరకదు, పైగా మధ్యలో ఆ 0.7 విరామం ఉంది. ఆ విరామం నంబరు ముక్కలో కాకుండా ముందు ముక్కలోనే ఉంది కాబట్టి అది కూడా ఒక పిసరు తగ్గింది, పర్వాలేదు.

Change Tempo లో చేస్తే Use high quality stretching టిక్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి చేసి, రెండూ వినండి. కొన్ని గొంతులకు ఒకటి, కొన్నింటికి ఇంకొకటి బాగుంటుంది. నేను ffmpeg అనే ప్రోగ్రాంలో కమాండ్‌తో చేస్తాను, లెక్క చేతిలో ఉంటుందని:

```
ffmpeg -i mata.wav -af atempo=1.0315 mata_kudinchi.wav
```

చెడిపోయిందని ఎట్లా తెలుస్తుంది? హెడ్‌ఫోన్ పెట్టుకుని దీర్ఘాలు వినండి. "నారాయణపేట"లో "రా", "పే" దగ్గర గొంతు నీళ్లలో వణికినట్టు ఉంటే ఎక్కువైందని. "చీరలు"లో "చీ" రెండుసార్లు తగిలినట్టు ఉంటే కోత హల్లు మీద పడిందని. రెండోదానికి వేగం తగ్గించాల్సిన పనిలేదు, ముక్క మొదలయ్యే చోటును కొంచెం ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చేస్తే కోతలు పడే చోట్లు మారతాయి.

సంగీతం కలిపేసిన తర్వాత వేగం పెంచకండి. డప్పు, తబలా దెబ్బలు అన్నీ పేలే శబ్దాలే, 3 శాతానికే జంట దెబ్బలుగా వినపడతాయి. ముందు గొంతును ముప్పైకి తెచ్చుకుని, తర్వాత కింద సంగీతం పరచి, దాన్ని చివర్లో మెల్లగా దించుకోండి. దుకాణం వాళ్లు అంతా కలిపేసిన ఫైలే పంపిస్తే, గొంతు విడిగా ఉన్నది అడగండి. అది దొరకకపోతే ఇక వేగం దారి మూసుకున్నట్టే, ఖాళీలు కోద్దామన్నా తాళం తప్పుతుంది, మళ్లీ రికార్డు చేయించడం ఒక్కటే మిగులుతుంది.

Audacity కొత్త వెర్షన్లలో, 3.4 నుంచి, క్లిప్ అంచును Alt నొక్కి లాగితే సాగుతుంది లేదా కుదించుకుపోతుంది, Alt లేకుండా లాగితే కత్తిరిస్తుంది. రెండూ ఒకే అంచు, ఒకే చెయ్యి. ఒకసారి తొందరలో Alt మరిచి ఆఖరి అడ్రసు సగం దాచేశాను, పొడవు కరెక్టుగా ముప్పై కనబడుతోంది కదా అని పంపేశాను కూడా. ఇప్పుడు పంపేముందు ఆఖరి 5 సెకన్లు తప్పకుండా వింటాను.

తక్కువైతే?

యాడ్ 27 సెకన్లే వచ్చిందనుకోండి. వేగం తగ్గించి సాగదీయడం వేగం పెంచడం కంటే తొందరగా బయటపడుతుంది, ఎందుకంటే అక్కడ ఉన్న ముక్కల్నే రెండోసారి వాడి పూడ్చాలి, గొంతు బావిలోంచి వచ్చినట్టు అవుతుంది. 2 శాతం మించి నేను చేయను. దుకాణం పేరును రెండోసారి చెప్పించడానికి ఆ 3 సెకన్లు సరిపోతాయి, అదే ముక్కను కాపీ చేసి పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. అది వద్దనుకుంటే మొదట 1 సెకను సంగీతం మోగనిచ్చి, దుకాణం పేరుకు ముందు విరామం పెంచండి.

సరిగ్గా ముప్పై

టైమ్ స్ట్రెచ్ ఎప్పుడూ అడిగిన పొడవును మిల్లీసెకనుతో సహా ఇస్తుందని నమ్మకండి, కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఆ సరిచూపు గొంతుతో కాదు, చివరి ఖాళీతో చేయాలి. ముక్కలు కలిపాక నాకు 29.79 వచ్చింది. సంగీతం కలిపి, మిగిలింది నిశ్శబ్దంతో నింపి, 30 దగ్గర ఆపేయమన్నాను:

```
ffmpeg -i kalipindi.wav -af apad -t 30 -ar 48000 spot30.wav
ffprobe -show_entries format=duration spot30.wav
```

రెండో లైను 30.000000 అని చూపించాలి. 48000 శాంపిల్ రేటులో అది సరిగ్గా 14,40,000 శాంపిళ్లు. స్టేషన్ వాళ్లు తీసుకుంటే WAV గానే పంపండి. MP3 చేస్తే ఎన్‌కోడర్ మొదటా చివరా కొంచెం నిశ్శబ్దం తగిలిస్తుంది, కొన్ని ప్లేయర్లలో 30.02 అనో 30.04 అనో కనిపిస్తుంది, అప్పుడు అవతలివాళ్లు "ఎక్కువైంది" అని వెనక్కి పంపితే మీరు మళ్లీ గొంతును కోసుకుంటూ కూర్చోవాల్సిన పనిలేదు, MP3 చేసేముందు చివరి ఖాళీలోంచి 0.1 సెకను తీసేస్తే చాలు. ఆ 0.2 ఖాళీ ఉంచుకున్నది ఇందుకు కూడా.

టీచరమ్మకు ఫైల్ వాట్సాప్‌లో పంపాను, ఏం చేశానో చెప్పలేదు. విని, "నేను మూడుసార్లు రండి అన్నట్టు గుర్తు" అంది. వేగం గురించి మాత్రం అడగలేదు.